పదహారు సరుకులతో నెల వెచ్చాలు: కొత్తగా వంట మొదలుపెట్టేవారు పట్టీ రాసుకునే పద్ధతి

మా అక్క కూతురు గుంటూరు నుంచి విజయవాడకు ఉద్యోగానికి వచ్చి పటమటలో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నప్పుడు, వంటింటికి కావలసినవన్నీ ఫోనులో రాసుకుని నాకు చూపించింది. నలభై ఒక్క సరుకులు ఉన్నాయి. వాటిలో సాంబారు పొడి, రసం పొడి, బిర్యానీ మసాలా, మైదా, సోయా సాసు, కసూరి మేథీ ఉన్నాయి కానీ ఇంగువ, మెంతులు లేవు. అంటే, ఒక్కొక్క వంటకూ వేరువేరుగా పనికొచ్చే సరుకులు చాలా ఉన్నాయి, పది వంటలను నిలబెట్టేవి మాత్రం జారిపోయాయి. ఆ పట్టీని పదహారుకు ఎలా కుదించామో, ఆ పదహారుతో ఒక మనిషికి నెల ఎలా గడిచిందో ఇక్కడ వరుసగా చెబుతాను. మాంసాహారం, తాజా కూరగాయలు, పాలు, పెరుగు ఈ లెక్కలోకి రావు. డబ్బాల్లో నిలవ ఉండే సరుకుల గురించి మాత్రమే ఈ వివరణ.

మొదట రాయవలసింది సరుకులు కాదు, వంటలు

కాగితం మీద సరుకుల పేర్లతో మొదలుపెడితే కొట్టులో కనిపించినవన్నీ గుర్తుకొస్తాయి. అందుకని ఆమెను ముందుగా ఇంట్లో చిన్నప్పటి నుంచి తింటూ వచ్చినవాటిలో, వారానికోసారైనా తినాలనిపించే పన్నెండు వంటలు రాయమన్నాను. రాసినవి ఇవి: టమాటా పప్పు, దోసకాయ పప్పు, పప్పుచారు, టమాటా చారు, బెండకాయ పులుసు, పులిహోర, వంకాయ కూర, దొండకాయ వేపుడు, కందిపొడి, ఉప్మా, పెసరట్టు, దద్దోజనం. ఎక్కడో చూసి ముచ్చటపడి ఇంకా ఒక్కసారి కూడా వండని వంటను ఈ పన్నెండులో చేర్చకూడదని ఒక నియమం పెట్టుకున్నాము. ఆమె రాసుకున్న పాస్తా అక్కడే పోయింది.

తరువాత ఒక్కొక్క వంట కింద దానిలో పడే నిలవ సరుకులు రాసి, ఏ సరుకు ఎన్ని వంటల్లో వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టాము. ఆవాలు పదింటిలో వచ్చాయి. చింతపండు ఆరింటిలోను, కందిపప్పు నాలుగింటిలోను, శనగపప్పు నాలుగింటిలోను, మెంతులు మూడింటిలోను వచ్చాయి. సాంబారు పొడి, మైదా, బిర్యానీ మసాలా ఒక్కదానిలోనూ రాలేదు. మూడు వంటలకైనా పనికిరాని సరుకు మొదటి నెలలో కొనకూడదన్నది మేము పెట్టుకున్న గీటురాయి.

ఈ గీటురాయిని మూర్ఖంగా పట్టుకుంటే బొంబాయి రవ్వ పోవాలి. ఎందుకంటే అది ఉప్మాలో తప్ప ఇంక దేనిలోనూ రాలేదు. కానీ పొద్దున ఎనిమిదింటికి బస్సు ఎక్కవలసిన మనిషికి పావుగంటలో అయ్యే ఫలహారం ఒకటి తప్పనిసరి. అందుకని రవ్వను ఉంచి, కొనే పరిమాణాన్ని అర కిలోకు తగ్గించాము. పెసరపప్పు కూడా అలాగే గట్టెక్కింది. అది పెసరట్టులో ఒక్కసారే లెక్కకు వచ్చినా, కుక్కరు లేకుండా మామూలు గిన్నెలో అరగంట లోపే ఉడుకుతుంది కనుక, కందిపప్పు వండే తీరిక లేని రోజున దాని చోటు తీసుకుంటుంది. పెసరట్టుకు పొట్టుతో ఉన్న పెసలే సంప్రదాయమని మా అక్క అభ్యంతరం చెప్పింది కానీ, పెసరపప్పుతో కూడా అట్టు చక్కగా వస్తుంది. రంగు పచ్చగా ఉండదు, అంతే.

చివరకు నిలిచిన పట్టీ

ఒక మనిషి రోజుకు రెండు పూటలు అన్నం తిని, ఆదివారాలు ఎక్కువగా గుంటూరులో గడిపే లెక్కన కొన్న పరిమాణాలు ఇవి. బియ్యం ఐదు కిలోలు, కందిపప్పు ఒక కిలో, పెసరపప్పు అర కిలో, మినపప్పు అర కిలో, శనగపప్పు పావు కిలో, బొంబాయి రవ్వ అర కిలో, చింతపండు పావు కిలో, ఎండు మిరపకాయలు 100 గ్రాములు, కారం 200 గ్రాములు, పసుపు 50 గ్రాములు, ఉప్పు ఒక కిలో, ఆవాలు 100 గ్రాములు, జీలకర్ర 50 గ్రాములు, మెంతులు 50 గ్రాములు, ఇంగువ ఒక చిన్న డబ్బా, వేరుశనగ నూనె ఒక లీటరు. ఉల్లిపాయలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, కూరగాయలు రైతు బజారులో వారానికి ఒకసారి.

బియ్యం విషయంలో ఒక్క మాట. మన జిల్లాల్లో ఎక్కువ ఇళ్ళలో వండేది సాంబ మసూరి, అంటే బాపట్ల పరిశోధనా స్థానం నుంచి వచ్చిన బీపీటీ 5204 రకం. దీనిలో కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ నీళ్ళ లెక్క మారుతుంది. కొత్త బియ్యానికి పాత బియ్యం కొలతన నీళ్ళు పోస్తే అన్నం ముద్దవుతుంది. కాబట్టి కొట్టులో ఎన్ని నెలల బియ్యమో అడిగి, కనీసం ఆరు నెలలు నిలవ ఉన్నవి తెచ్చుకుంటే కొత్తవారికి కష్టం తగ్గుతుంది.

మిరపకాయ, చింతపండు, కందిపప్పు: కొనేటప్పుడు చూడవలసినవి

మిగిలిన సరుకులు ఏ కొట్టులో తెచ్చినా పెద్ద తేడా ఉండదు. ఈ మూడింటిలో మాత్రం పొరపాటు జరిగితే పన్నెండు వంటల్లో సగం చెడిపోతాయి.

మిరపయార్డు ఉన్న ఊళ్ళో పుట్టినంత మాత్రాన మిరప రకాలు తెలిసిపోవని మా పిల్లను చూశాకే నాకు అర్థమైంది. తేజ రకం కాయ సన్నగా, చిన్నగా ఉండి ఘాటు చాలా ఎక్కువగా ఉంటుంది. గుంటూరు సన్నం కాయకు తోలు కాస్త మందం, ఘాటు మధ్యస్థం. బ్యాడిగి కాయ ముడతలు పడి ఉంటుంది, ఎర్రటి రంగు ఇస్తుంది, ఘాటు తక్కువ. ఆమె మొదటి వారం తెలియక తేజ కారం తెచ్చుకుని, నేను చెప్పిన రెండు చెంచాలూ వంకాయ కూరలో వేసి, ఆ రాత్రి పెరుగన్నంతో సరిపెట్టుకుంది. కొలత చెప్పేవారి కారమూ, వండేవారి కారమూ ఒకటి కాకపోతే కొలతకు అర్థం లేదు. అందుకని కొట్టులో రకం పేరు అడిగి సన్నం కారమే తీసుకోవాలి, కొత్త పొట్లం విప్పినప్పుడల్లా మొదటి కూరలో చెప్పినదానిలో సగమే వేసి రుచి చూడాలి. ఎండు మిరపకాయల్లో తెల్లగా పాలిపోయిన తాలు కాయలు లేకుండా, తొడిమ ఊడకుండా, చేత్తో విరిస్తే పెళుక్కున విరిగేవి మంచివి. వంగి మెత్తగా ఉన్న కాయ తేమ పట్టినది, అది డబ్బాలో బూజు పడుతుంది.

చింతపండు కొత్తదైతే లేత గోధుమరంగులో ఉండి పులుపు సూటిగా తగులుతుంది. నిలవ ఉన్న కొద్దీ నల్లబడి పులుపు మెత్తబడుతుంది. చారుకు కొత్తది, పులుసుకు పాతది అని పెద్దవాళ్ళు రెండూ ఉంచుకుంటారు. ఒంటరి మనిషికి ఆ విలాసం అక్కరలేదు. ఏది దొరికితే అది తీసుకోవచ్చు, కాకపోతే గింజ తీసినదే కొనాలి. గింజతో ఉన్నది చవకగా కనిపిస్తుంది కానీ బరువులో చాలా భాగం గింజకే పోతుంది. దీన్ని ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రల్లో నిలవ చేయకూడదు, పులుపు లోహాన్ని తింటుంది. గాజు సీసా గాని చిన్న జాడీ గాని వాడి, మధ్యమధ్య కాస్త కల్లుప్పు చల్లాలి.

ఇక కందిపప్పు. రెండో వారం ఆమె ఫోను చేసి, "పిన్నీ, ఆరు కూతలు వచ్చినా పప్పు గింజ గింజగానే ఉంది, కుక్కరు పాడైందేమో" అంది. కుక్కరు పాడవలేదు. పప్పు ఉడకకపోవడానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే అసలు కారణం బయటపడుతుంది. మొదటిది, పులుపు ముందే పడటం. టమాటా, చింతపండు, మామిడికాయ వంటివి పప్పుతో కలిపి మొదటే ఉడికిస్తే పప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది. రెండోది, నీళ్ళు. అపార్టుమెంట్లలో బోరు నీళ్ళు గట్టివి, వాటిలోని సున్నం పప్పును బిగిస్తుంది. మూడోది, పప్పు మరీ పాతది కావడం. ఆమెను ఒక చిన్న గిన్నెడు పప్పు అరగంట నానబెట్టి, తాగే నీళ్ళు మూడింతలు పోసి, చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె వేసి, పులుపు ఏమీ లేకుండా ఉడికించమన్నాను. నాలుగు కూతలకే వెన్నలా ఉడికింది. అప్పుడు పప్పు మంచిదేనని తేలింది. మర్నాడు అదే పద్ధతిలో కుళాయి బోరు నీళ్ళతో పెడితే మళ్ళీ పలుకు మిగిలింది. దోషం నీళ్ళది. నానబెట్టినా, మంచి నీళ్ళు పోసినా ఉడకకపోయి ఉంటే ఆ పప్పును పొడికి వాడుకుని, కొట్టు మార్చమని చెప్పేదాన్ని.

పోపు డబ్బా: ఈ పట్టీ అంతటికీ కేంద్రం

పదహారు సరుకులు పాతిక వంటలుగా మారేది ఇక్కడే కనుక దీని దగ్గర కొంచెం ఆగాలి. పోపు అంటే అన్నీ కలిపి నూనెలో వేయడం అనుకుంటే, అన్ని వంటలూ ఒకే రుచిగా ఉంటాయి. మా పిల్ల మొదటి పది రోజులూ చేసింది అదే. పప్పులోనూ, పులుసులోనూ, ఉప్మాలోనూ డబ్బాలో ఉన్నవన్నీ ఒక్కొక్క చిటికెడు తీసి వేసేది. "ఏది తిన్నా ఒకేలా ఉంటోంది, ఇంకేమైనా మసాలాలు కొనాలా" అని అడిగింది. కొనవలసింది ఏమీ లేదు, కొన్ని తీసేయాలి.

పప్పుకు ఆవాలు, జీలకర్ర, ఎండు మిర్చి, దంచిన వెల్లుల్లి, కొద్దిగా ఇంగువ. ఇందులో శనగపప్పు వేయకూడదు, మెత్తటి పప్పులో గట్టి పలుకు పంటికి అడ్డు తగులుతుంది. పులుసుకు ఆవాలు, మెంతులు, ఎండు మిర్చి, ఇంగువ. జీలకర్ర లేకుండా, మెంతుల చిరుచేదు చింతపండు పులుపును సర్దుతుంది. పులిహోరకు, దద్దోజనానికి, ఉప్మాకు శనగపప్పు, మినపప్పు ముఖ్యం, ఎందుకంటే ఆ మూడింటిలోనూ కరకరలాడేది మరేదీ లేదు. చారుకు ఆవాలు, జీలకర్ర, ఎండు మిర్చి, ఇంగువ చాలు. వేపుళ్ళకు పోపు తేలికగా పెట్టి, ముక్కలు వేగాక చివర్లో ఉప్పు, కారం, నలిపిన వెల్లుల్లి చల్లాలి. కారం మొదట్లోనే వేస్తే మాడి నల్లబడుతుంది.

వేసే వరుసకు కారణం ఉంది. శనగపప్పు, మినపప్పు వేగడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి అవి ముందు పడాలి. అవి కాస్త రంగు తిరగగానే ఆవాలు, మెంతులు వేయాలి. ఆవాలు చిటపటలాడడం మొదలుపెట్టాక జీలకర్ర, ఎండు మిర్చి, ఆఖరున ఇంగువ, కరివేపాకు వేసి పొయ్యి కట్టేయాలి. నూనె కాగిందో లేదో తెలియకపోతే ఒక్క ఆవగింజ వేసి చూడాలి. అది వెంటనే చిట్లితే సమయమైనట్టు, అడుగున ఊరికే పడి ఉంటే ఇంకా ఆగాలి. చిట్లని ఆవాలు పంటికింద చేదుగా తగులుతాయి. మెంతులు బంగారు రంగు దాటి నల్లబడితే చేదు మొత్తం వంటకు పాకుతుంది, అప్పుడు ఆ పోపు పారబోసి మళ్ళీ పెట్టుకోవడమే మేలు. చెంచాడు నూనె పోతుందని చూసుకుంటే గిన్నెడు పులుసు పోతుంది.

ఒక వారం ఎలా నడిచింది

మూడో వారానికి ఆమెకు ఒక క్రమం కుదిరింది. ఆదివారం సాయంత్రం గుంటూరు నుంచి వచ్చాక రెండు పనులు చేసుకునేది. మొదటిది కందిపొడి: 100 గ్రాముల కందిపప్పు, గుప్పెడు శనగపప్పు, ఎనిమిది ఎండు మిరపకాయలు నూనె లేకుండా సన్నటి సెగ మీద దోరగా వేయించి, దించే ముందు చెంచాడు జీలకర్ర వేసి, చల్లారాక ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో పొడి కొట్టుకోవడం. ఇది నెలకు ఒకసారి చాలు. రెండోది పులిహోర గుజ్జు: పెద్ద నిమ్మకాయంత చింతపండును వేడి నీళ్ళలో నానబెట్టి, చిక్కగా పిండి, పసుపు, ఉప్పు, నూనె వేసి, నూనె అంచుల్లో తేలేదాకా ఉడికించి గాజు సీసాలో పెట్టుకోవడం. ఫ్రిజ్‌లో అది రెండు వారాలకు తక్కువ కాకుండా ఉంటుంది, తడి చెంచా పెట్టకూడదు.

సోమవారం 150 గ్రాముల కందిపప్పు పులుపు లేకుండా ఉడికించి రెండు భాగాలు చేసేది. ఒక సగంలో విడిగా మగ్గబెట్టిన టమాటా కలిపి టమాటా పప్పు, మిగిలిన సగం ఫ్రిజ్‌లోకి. మంగళవారం ఆ సగాన్ని మెదిపి, చింతపండు రసం, నీళ్ళు, ఉల్లిపాయ ముక్కలు వేసి మరిగిస్తే పప్పుచారు, పక్కన దొండకాయ వేపుడు. ఒకే పప్పు రెండు రోజులు తిన్నట్టు అనిపించకపోవడానికి మొదటి రోజు పోపులో వెల్లుల్లి, రెండో రోజు పోపులో మెంతులు, ఇంగువ కారణం. బుధవారం ఆఫీసుకు పులిహోర: వేడి అన్నంలో రెండు చెంచాల గుజ్జు, పైన పోపు, పది నిమిషాల పని. రాత్రికి పెరుగన్నం, కందిపొడి. గురువారం బెండకాయ పులుసు రెండు పూటలకూ. పులుసు రెండో పూటకే రుచి ఎక్కుతుంది. శుక్రవారం పొద్దున, ముందు రోజు రాత్రి నానబోసిన పెసరపప్పుతో అట్టు, మధ్యాహ్నానికి టమాటా చారు, వంకాయ కూర. శనివారం బీరకాయ పెసరపప్పు, కుక్కరు లేకుండా. మధ్యలో రెండు పొద్దుళ్ళు ఉప్మా.

బీరకాయ పెసరపప్పు ఆమె మొదట రాసిన పన్నెండులో లేదు. సరుకులు వంటల్లో ఏ పని చేస్తాయో తెలిశాక, రైతు బజారులో ఆ రోజు చవకగా ఉన్న కూరగాయను బట్టి వంట తానే పుట్టింది. గోంగూర దొరికితే గోంగూర పప్పు, అప్పుడు చింతపండు మానేస్తే సరి. సొరకాయ దొరికితే పులుసు, మామిడికాయల కాలంలో దోసకాయ చోట మామిడికాయ.

నిలవ చేయడంలో జరిగే నష్టం

విజయవాడ ఎండ కంటే వానాకాలపు ఉక్క ఈ సరుకులకు ఎక్కువ చేటు చేస్తుంది. తేమకు ఉప్పు కరుగుతుంది, కారం గడ్డ కడుతుంది, రవ్వలో పురుగు పడుతుంది. రవ్వను తెచ్చిన రోజే బాణలిలో వేడెక్కేదాకా పొడిగా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోస్తే నెలంతా ఉంటుంది. చల్లారకుండా మూత పెడితే ఆవిరి లోపలే నీరై, చేసిన పని వృథా అవుతుంది. బియ్యంలో బాగా ఎండిన వేపాకు వేయాలి. ముక్క పురుగు కనిపిస్తే నీడలో ఆరబెట్టి చెరగాలి కానీ మండుటెండలో పోయకూడదు, బియ్యం పగుళ్ళిచ్చి అన్నం నూకల్లా అవుతుంది. పప్పులకు ఎండ పరవాలేదు.

కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు మరొకటి ఉంది. డబ్బా అడుగున పాత పప్పు ఉండగానే పైన కొత్తది పోసేస్తారు. అడుగున ఉన్నది ఎప్పటికీ పైకి రాదు, పురుగు పుట్టేది అక్కడే. పాతది ఒక పళ్ళెంలోకి ఒంపి, డబ్బా తుడిచి, కొత్తది పోసి, పాతది పైన వేయాలి. పోపు డబ్బాలో వారానికి సరిపడా మాత్రమే ఉంచి, మిగిలిన పొట్లాలు పొయ్యికి దూరంగా పెట్టాలి.

నెలాఖరున పట్టీని సవరించడం

తెచ్చిన రోజున ప్రతి డబ్బా మీదా సరుకు మట్టం దగ్గర పెన్నుతో ఒక గీత గీసి తేదీ వేయమన్నాను. నెలాఖరున ఎంత దిగిందో చూస్తే, రెండో నెల పట్టీ దానంతట అదే తయారవుతుంది. ఆమె డబ్బాల్లో జీలకర్ర ఇరవయ్యో రోజుకే అయిపోయింది, కనుక 100 గ్రాములకు పెంచాము. మినపప్పు పోపులో తప్ప ఎక్కడా వాడలేదు, దోసెలు వేద్దామనుకుని వేయలేదు, అందుకని అర కిలో నుంచి 100 గ్రాములకు దించాము. మెంతులు ముప్పాతిక వంతు మిగిలాయి, అది లోపం కాదు, ఇంతకంటే చిన్న పొట్లం దొరకదు, మూడు నెలలు వస్తాయి.

రెండో నెలలో చేర్చినవి రెండే, ధనియాలు, మిరియాలు. ధనియాలు, శనగపప్పు, ఎండు మిర్చి, జీలకర్ర వేయించి కొడితే కూరల్లో చల్లే కారప్పొడి అవుతుంది. అందులోనే కందిపప్పు, మెంతులు చేరితే సాంబారు పొడి, మిరియాలు, కందిపప్పు చేరితే చారు పొడి. మొదటి పట్టీలో మూడు పొట్లాలుగా రాసుకున్నవి ఇవే. మిరియాలతో పెసరపప్పు పొంగలి కూడా చేతికి వచ్చింది. మూడో నెలకు వేరుశనగ గుళ్ళు అడిగింది. పులిహోర, ఉప్మా, పచ్చడి అని మూడు వంటలు లెక్క చెప్పాక సరేనన్నాను.